బిల్లింగ్ ఉద్యోగి వెళ్లిపోతూ రాసిచ్చే కాగితంలో ఏముండాలి?

అయిజలాంటి ఊళ్లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు టోకుగా అమ్మే దుకాణాన్ని తీసుకుందాం. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఇది. హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పొలాలు ఎక్కువ. ఒకవైపు రాయచూరు, ఇంకోవైపు కర్నూలు. బేరగాళ్లలో మూడు రాష్ట్రాలవాళ్లూ ఉంటారు. అప్పు ఖాతాలు పంట చేతికొచ్చేదాకా తెగవు. ఇలాంటి దుకాణంలో ఏళ్ల తరబడి బిల్లుల లెక్క చూసిన మనిషి గద్వాలకో హైదరాబాదుకో వెళ్లిపోతుంటే, కొత్తవాడికి అప్పగించే కాగితంలో ఏం రాయాలన్నది ఈ వ్యాసం విషయం. దుకాణం ఊహించుకున్నది. అందులో వచ్చే పన్ను రేట్లు, తేదీలు, నిబంధనలు మాత్రం నిజమైనవి.

సాధారణంగా ఇలాంటి కాగితాల్లో కాలమ్‌ల పేర్లు, పాస్‌వర్డు ఎవరినడగాలి, నెలాఖరు రిపోర్టు ఎక్కడ తీయాలి అన్నవి ఉంటాయి. ఇవి కొత్తవాడు వారంలో ఎలాగూ కనుక్కుంటాడు. కనుక్కోలేనిది వేరే ఉంది. ఒకే కాలమ్‌కి ఒక తేదీకి ముందు ఒక అర్థం, ఆ తర్వాత ఇంకో అర్థం ఉండటం అది. ఇన్వాయిస్ టేబుళ్లలో చిక్కుల్లో ఎక్కువ భాగం ఇలా తేదీతో పుట్టినవే. అందుకే ‘ఈ కాలమ్ నమ్మకండి’ అని తేదీ లేకుండా రాసిన హెచ్చరికకు విలువ చాలా తక్కువ. అది ఎప్పటి నుంచి ఎప్పటి వరకు నిజమో, చూడగానే ఎలా గుర్తుపట్టాలో, సరిచేశారా వదిలేశారా, వదిలేస్తే ఎందుకో రాసినప్పుడే అది పనికొస్తుంది.

ఇలాంటి కాగితం అసలు పనిచేస్తుందా అన్న సందేహం పాతదే. డెన్మార్కుకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన ఒక వ్యాసంలో, ప్రోగ్రామ్ గురించిన అసలు జ్ఞానం దాన్ని కట్టినవాళ్ల బుర్రల్లోనే ఉంటుందని, కాగితాలు దాన్ని పూర్తిగా మోయలేవని వాదించారు. బిల్లింగ్ పనికి ఆ మాట సగమే వర్తిస్తుందని నా అభిప్రాయం. బిల్లింగ్ టేబుల్‌లోని విచిత్రాల్లో చాలావాటికి కారణం బయట ఉంటుంది: జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం, జిల్లాల విభజన, యూరియా సంచి బరువు. వీటిని కాగితం బాగానే మోస్తుంది. మోయలేనిది పాత మనిషి తన చేత్తో చేసిన సర్దుబాట్లను. వాటి సంగతి చివర్లో చూద్దాం.

బిల్లు నంబరు ఒక్కటే చాలదు

జీఎస్టీ నియమాల్లో 46వ నియమం ప్రకారం బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. చివరి మాటలోనే చిక్కుంది. ఏప్రిల్ 1న చాలా దుకాణాలు మళ్లీ 1 నుంచి మొదలుపెడతాయి. కాబట్టి 214వ బిల్లు టేబుల్‌లో ప్రతి ఏడాదికీ ఒకటి ఉంటుంది. బిల్లు నంబరుతో మాత్రమే రెండు టేబుళ్లను కలిపితే ఈ ఏటి బిల్లుకు నిరుటి వసూళ్లు అతుక్కుంటాయి. దీన్ని గుర్తుపట్టడం తేలికే. బిల్లు తేదీకి ముందే దానికి డబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది. ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబరు రెండూ కలిస్తేనే గుర్తు అవుతుందని నోట్‌లో మొదటి వాక్యంగా రాయాలి.

రెండో చిక్కు ఎక్సెల్‌తో. ‘4-12’ అన్న బిల్లు నంబరున్న ఫైలును నేరుగా తెరిస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ‘00214’లో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ‘2503E12’లాంటి బ్యాచ్ నంబరు పెద్ద శాస్త్రీయ సంఖ్యగా మారి, సేవ్ చేసిన మరుక్షణం అసలు నంబరు పోతుంది. ఇది అయిజ దుకాణానికే పరిమితమైన తలనొప్పి కాదు. మనిషి జన్యువుల పేర్లలో ‘SEPT1’, ‘MARCH1’ లాంటివి ఎక్సెల్‌లో తేదీలైపోతున్నాయని, 2020లో ఏకంగా ఆ జన్యువుల పేర్లే ‘SEPTIN1’, ‘MARCHF1’గా మార్చారు. ఈ మార్పిడిని ఆపే ఏర్పాటు ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. ఏ నెలల ఫైళ్లు ఇలా పాడై టేబుల్‌లోకి ఎక్కాయో వెళ్లేవాడికే తెలుస్తుంది. ఆ నెలలు రాసిపెట్టాలి.

ఈ-ఇన్వాయిస్ చేసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 2025 జూన్ నుంచి పోర్టల్ బిల్లు నంబరులో చిన్న బడి, పెద్ద బడి అక్షరాల తేడా చూడదు. ‘aj/101’, ‘AJ/101’ దాని దృష్టిలో ఒకటే. దుకాణం డేటాబేస్ మాత్రం రెండింటినీ వేరువేరుగా దాచుకోవచ్చు. కౌంటర్ ఒకటి చిన్న అక్షరాలతో, గోదాము ఇంకోటి పెద్ద అక్షరాలతో బిల్లు కొట్టే చోట ఇది బయటపడుతుంది.

ఒక్క పైసా ఎక్కడ పోయింది?

డీఏపీ బస్తా ధర పన్నుతో కలిపి 1,350 రూపాయలనుకుందాం. పన్ను 5 శాతం. ధరలోంచి పన్ను వెనక్కి లాగితే అసలు విలువ 1,285.71. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా చెరి రెండున్నర శాతం. లెక్క కడితే 32.1428, అంటే 32.14 చొప్పున. మూడూ కూడితే 1,349.99. పైసా తగ్గింది.

ఒక పైసాకు ఇంత గొడవెందుకని కొత్తవాడు అనుకోవచ్చు. 20 బస్తాల బిల్లు చూద్దాం. మొత్తం 27,000 మీద పన్ను వెనక్కి లాగితే విలువ 25,714.29, పన్ను 642.86 చొప్పున రెండుసార్లు, కూడితే 27,000.01. ఒక బస్తా విలువను పైసలకు సరిచేసి 20తో గుణిస్తే విలువ 25,714.20, పన్నుతో కలిపి 26,999.92. ఒక్కో బస్తాకు పన్ను కూడా కట్టేసి 20తో గుణిస్తే 26,999.80. ఒకే సరుకు, ఒకే ధర, మూడు మొత్తాలు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ దారిలో లెక్క కడుతుందో తెలియకపోతే, బిల్లు మీద అచ్చయిన సంఖ్యకూ టేబుల్‌లోంచి తీసిన సంఖ్యకూ ఎప్పటికీ పొత్తు కుదరదు.

రెండో దారిలో ఇంకో మడత కూడా ఉంది. 25,714.20 మీద రెండున్నర శాతం సరిగ్గా 642.855. ఇది పైకి పోతుందా కిందికి పోతుందా అన్నది కాలమ్ రకం మీద ఆధారపడుతుంది. `numeric` రకంలో దాస్తే 642.86 అవుతుంది. `float`లో దాస్తే ఆ సంఖ్య లోపల కచ్చితంగా నిలవదు కాబట్టి ఎటైనా పోవచ్చు. డబ్బు కాలమ్‌లలో ఏవైనా `float`గా ఉంటే వాటి పేర్లు నోట్‌లో తప్పక ఉండాలి.

ఈ పైసాను పన్నులో సర్దడం చాలామంది చేసే ‘పరిష్కారం’. 32.14 ఒకవైపు, 32.15 ఇంకోవైపు వేసి మొత్తాన్ని 1,350 చేస్తారు. రాష్ట్రం లోపలి బిల్లులో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా సమానంగా ఉండాలి కాబట్టి ఈ అతుకు నిలవదు. సరైన చోటు రౌండాఫ్ కాలమ్. ఈ-ఇన్వాయిస్ నమూనాలోనే దానికోసం `RndOffAmt` అన్న గడి ఉంది. అది మైనస్ కూడా కావచ్చు. పైన 27,000.01 వచ్చిన బిల్లులో అది -0.01. దుకాణం ఈ కాలమ్‌ను మొదటి నుంచీ వాడకపోతే, అంతకుముందు బిల్లుల్లో తేడా అలాగే వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకునే ప్రశ్న ఇది:

```sql
SELECT h.fy, h.inv_no,
       h.total - COALESCE(h.round_off, 0)
       - SUM(l.taxable + l.cgst + l.sgst + l.igst) AS diff
FROM inv_head h
JOIN inv_line l ON l.fy = h.fy AND l.inv_no = h.inv_no
GROUP BY h.fy, h.inv_no, h.total, h.round_off;
```

`diff` కొన్ని పైసలే ఉంటే అది రౌండాఫ్ కథ. వందల్లో ఉంటే అది వేరే రోగం: బిల్లు తలలో తగ్గింపు ఇచ్చి వరుసల్లో చూపలేదో, ఒక వరుస రెండుసార్లు ఎక్కిందో. `diff` ఖాళీగా వస్తే పన్ను కాలమ్‌లలో ఏదో ఒకటి `NULL`గా ఉందని. రాష్ట్రం లోపలి బిల్లులకు `igst`లో సున్నా వేయకుండా ఖాళీ వదిలిన కాలం ఏదైనా ఉంటే, కూడిక మొత్తం ఖాళీ అయిపోతుంది. ఆ కాలం ఎప్పుడో కూడా తేదీతో రాయాల్సిందే.

అయిజ అంటే ఏ అయిజ?

తెలుగులో పేరు ఒక్కటే. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకచోట Ieeja అని, ఇంకోచోట Aiza అని, మరోచోట Aija అని కనిపిస్తుంది. కస్టమర్ల టేబుల్‌లో ఊరు కాలమ్‌ను ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేస్తే ఒకే ఊరి అమ్మకాలు మూడు వరుసలుగా విడిపోతాయి. అన్నింటికంటే పెద్ద సంఖ్య చూపే వరుసను యజమాని నిజమనుకుంటాడు. దీనికి మందు చిన్నదే: పేర్లన్నింటినీ ఒక కోడ్‌కు కట్టే టేబుల్. అది ఉంటే ఎక్కడుందో, లేకపోతే ఏయే పేర్లు చూశారో రాస్తే చాలు.

జిల్లా సంగతి ఇంకొంచెం లోతైనది. 2016 అక్టోబరు 11 వరకు అయిజ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. ఆ రోజు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కొత్త జిల్లాలయ్యాయి. కస్టమర్ టేబుల్‌లో జిల్లా పేరును మార్చేసి ఉంటే, 2015 నాటి అమ్మకాలు కూడా ఇప్పుడు గద్వాల జిల్లా కింద వస్తాయి. అది తప్పని అనలేం. పదేళ్ల పోలిక కావాలంటే అదే నయం. కానీ నాడు కంపెనీకి పంపిన రిపోర్టులో మహబూబ్‌నగర్ అని ఉంటే ఆ కాగితానికీ ఈ టేబుల్‌కూ ఇక పొత్తు కుదరదు. ఎందుకు కుదరదో తెలియని కొత్తవాడు లేని తప్పు కోసం రెండు రోజులు వెతుకుతాడు.

రాష్ట్రం కాలమ్ మాత్రం డబ్బుతో ముడిపడింది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, కర్ణాటక 29. పాత జాబితాల్లో 28 కనిపిస్తే అది విభజనకు ముందున్న ఆంధ్రప్రదేశ్. పేరులో ‘ఆంధ్రప్రదేశ్’ ఉన్న రెండు వరుసల్లో 28 ఎంచుకోవడం డ్రాప్‌డౌన్‌లో తరచూ జరిగే పొరపాటు.

జీఎస్టీ నంబరు లేని రైతు కౌంటర్ దగ్గరికొచ్చి సరుకు తీసుకున్నప్పుడు అసలు ఉచ్చు మొదలవుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి నిబంధన ఇలా ఉంది: రిజిస్టర్ కాని కొనుగోలుదారు చిరునామా బిల్లు మీద రాస్తే ఆ చిరునామా ఉన్న చోటే సరఫరా జరిగినట్టు, రాయకపోతే అమ్మేవాడి చోటే జరిగినట్టు. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా చిరునామా రాసినట్టే. అంటే రాయచూరు పక్క రైతు అయిజ కౌంటర్‌లో రెండు బస్తాలు తీసుకుంటే, బిల్లు కొట్టే కుర్రాడు కర్ణాటక అని టైపు చేస్తే పన్ను మొత్తం ఐజీఎస్టీగా పోవాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే సగం సగం. ఇదివరకు కౌంటర్ అమ్మకమంటే సరుకు చేతికిచ్చిన చోటే లెక్క. కాబట్టి 2023 సెప్టెంబరు బిల్లులో కర్ణాటక పేరూ సగం సగం పన్నూ కలిసి కనిపిస్తే అది తప్పు కాదు. 2023 నవంబరు బిల్లులో అదే జోడీ కనిపిస్తే తప్పు. కొత్తగా వచ్చినవాడు ఉత్సాహంతో రాష్ట్రానికీ పన్నుకూ పొంతన లేని వరుసలన్నీ ఒకే అప్‌డేట్‌తో సరిచేస్తే, సరైన పాత బిల్లులు కూడా పాడవుతాయి. తేదీ లేని హెచ్చరిక పనికిరాదనడానికి నాకు తోచిన గట్టి ఉదాహరణ ఇదే.

రేటు ఏ రోజుది, సంచి ఏ బరువుది

జీఎస్టీ మొదలైంది 2017 జులై 1న. ఎరువుల మీద ముందు అనుకున్నది 12 శాతం. అమలుకు ముందు రోజు, జూన్ 30న, 5 శాతానికి తగ్గించారు. ఆ రాత్రి లోపలే సరుకుల టేబుల్‌లో రేటు మార్చలేకపోయిన దుకాణాల్లో మొదటి రోజుల బిల్లులు తప్పు రేటుతో ఉండే అవకాశం ఉంది. అంత పాత లెక్క ఇప్పుడెవరికి కావాలంటారా? జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచమంటుంది. ఆ సంవత్సరానికి ఆ గడువు దాటిపోయింది. అలాంటి చిక్కులను నోట్‌లోంచి తీసేయడం కూడా వెళ్లేవాడి పనే. కాలం తీరిన హెచ్చరికలు పేరుకుంటే నిజమైనవి కంటికి ఆనవు.

ఇప్పుడు బతికున్న చిక్కు 2025 సెప్టెంబరు 22ది. ఆ రోజు నుంచి సూక్ష్మపోషకాలు, నిర్దేశించిన జీవసంబంధ పురుగుమందులు, డ్రిప్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. మామూలు రసాయన పురుగుమందులు 18లోనే, యూరియా, డీఏపీ 5లోనే ఉన్నాయి. ఒక రైతుకు సెప్టెంబరు 10న జింకు ప్యాకెట్లు 10 ఇచ్చారనుకుందాం. ఒక్కోటి 500, మొత్తం 5,000, పన్ను 600, బిల్లు 5,600. అక్టోబరులో అతను 4 ప్యాకెట్లు తిరిగి తెచ్చాడు. క్రెడిట్ నోట్ పాత బిల్లు మీదిది కాబట్టి పాత రేటుతోనే రావాలి: 2,000 విలువ, 240 పన్ను, 2,240. రేటును సరుకుల టేబుల్‌లోంచి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఆ రోజు రేటు తీసుకుని 2,100 ఇస్తుంది. రైతుకు 140 తగ్గింది. దుకాణం ప్రభుత్వానికి కట్టిన పన్నులోంచి 140 వెనక్కి రాదు. రైతు గొడవపడితే తప్ప ఇది ఎవరికీ కనిపించదు.

సరైన మందు ప్రతి బిల్లు వరుసలోనూ ఆ రోజు వేసిన రేటును దాచుకోవడం, క్రెడిట్ నోట్ ఆ వరుసను చూపడం. రేటు కాలమ్‌ను మధ్యలో ఎప్పుడో కలిపి ఉంటే, అంతకుముందు వరుసల్లో ఆ గడిని ఎలా నింపారో చెప్పాలి. నాటి పన్నును విలువతో భాగించి నింపారా, లేక నింపిన రోజున సరుకుల టేబుల్‌లో ఉన్న రేటు పోశారా? రెండో పని చేసి ఉంటే ఆ గడి నిండుగా ఉండి కూడా అబద్ధం చెబుతుంది. పట్టుకోవడానికి ఒకటే పరీక్ష: పన్ను మొత్తాన్ని విలువతో భాగించి, రాసి ఉన్న రేటుతో పోల్చడం. క్రెడిట్ నోట్లకు గడువుంది కూడా. బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో, అది ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్నులో చూపాలి, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ లోపే. ఆ తర్వాత సరుకు వెనక్కి తీసుకున్నా పన్ను తగ్గదు. కాబట్టి గడువు దాటిన వాపసుల్ని టేబుల్‌లో వేరే రకంగా గుర్తించే అలవాటుంటే, ఆ గుర్తు ఏమిటో రాయాలి.

సంచి బరువుది ఇదే కుటుంబానికి చెందిన సమస్య. యూరియా 50 కిలోల సంచిలో వచ్చేది. 2018లో 45 కిలోలకు మారింది. గంధకం పూత పూసిన యూరియా గోల్డ్ 40 కిలోల సంచిలో, 45 కిలోల మామూలు సంచికున్న 266.50 రూపాయల ధరకే వచ్చింది. బిల్లు వరుసలో పరిమాణం ‘సంచులు’ అనే ఉంటుంది. బరువు సరుకుల టేబుల్‌లో ఒక్కచోటే ఉండి దాన్ని 50 నుంచి 45కు మార్చేస్తే, పాత కాలంలో అమ్మిన 1,000 సంచులు 50 టన్నులకు బదులు 45 టన్నులుగా కనిపిస్తాయి. ఎరువుల శాఖ లెక్క టన్నుల్లో నడుస్తుంది, దుకాణం లెక్క సంచుల్లో. రైతు వేలిముద్రతో అమ్మే పీఓఎస్ యంత్రంలోని నిల్వకూ బిల్లుల టేబుల్‌లోని నిల్వకూ తేడా వస్తే ముందుగా చూడాల్సింది దొంగతనం కాదు, ఈ బరువు కాలమ్.

వసూళ్లతో కలిపినప్పుడు

పై చిక్కులన్నీ టేబుల్‌లో ఉన్నవి. ఇది టేబుల్‌లో ఉండదు, అడిగే ప్రశ్నలో ఉంటుంది. అందుకే ఎంత తెలివైన కొత్తవాడైనా ఇందులో పడతాడు.

ఒక రైతు బిల్లులో మూడు వరుసలు: డీఏపీ 27,000, జింకు 5,600, పురుగుమందు 9,440. మొత్తం 42,040. వసూళ్లు రెండు: 20,000 నగదు, మిగతా 22,040 విత్తనపు పత్తి డబ్బులోంచి ఆర్గనైజర్ పట్టుకుని జమ చేసినది. నడిగడ్డలో ఈ పద్ధతి మామూలే. విత్తనం కంపెనీకి చేరాక రైతుకొచ్చే సొమ్ములోంచి మందుల అప్పు మినహాయిస్తారు. ఖాతా తెగింది, బాకీ సున్నా. ఇప్పుడు ఎవరైనా ఇలా అడిగారనుకోండి:

```sql
SELECT SUM(l.amount) - SUM(p.amount) AS due
FROM inv_line l
JOIN payment p ON p.inv_fy = l.fy AND p.inv_no = l.inv_no;
```

మూడు వరుసలు, రెండు వసూళ్లు కలిసి ఆరు వరుసలవుతాయి. ప్రతి బిల్లు వరుస రెండుసార్లు లెక్కకొస్తుంది: 84,080. ప్రతి వసూలు మూడుసార్లు: 1,26,120. తేడా మైనస్ 42,040. సున్నా బాకీ ఉన్న రైతుకు దుకాణమే 42,040 అప్పున్నట్టు తేలుతుంది. ఇంత పెద్ద తప్పైతే కనిపెట్టొచ్చు. రెండు వరుసలు, రెండు వసూళ్లతో పూర్తిగా తెగిన బిల్లులో రెండు వైపులా సమానంగా రెట్టింపై తీసేస్తే సున్నా వస్తుంది, జవాబు సరైనట్టే ఉంటుంది. కొన్ని బిల్లుల్లో సరిగ్గా, కొన్నింటిలో తప్పుగా రావడం వల్లే ఈ ఉచ్చు ఏళ్ల తరబడి రిపోర్టుల్లో బతికిపోతుంది.

దీనికి మందుగా `SUM(DISTINCT ...)` పెట్టినవాళ్లుంటారు. ఒకే బిల్లులో 5,600 రూపాయల వరుసలు రెండుంటే వాటిలో ఒకటి మాయమవుతుంది. ముందుగా వసూళ్లను బిల్లువారీగా కూడి, ఆ తర్వాతే బిల్లు తలతో కలపాలి:

```sql
SELECT h.fy, h.inv_no, h.total - COALESCE(p.paid, 0) AS due
FROM inv_head h
LEFT JOIN (SELECT inv_fy, inv_no, SUM(amount) AS paid
           FROM payment GROUP BY inv_fy, inv_no) p
  ON p.inv_fy = h.fy AND p.inv_no = h.inv_no;
```

ఇందులో `LEFT JOIN` లేకపోతే పైసా కూడా కట్టని బిల్లులు జాబితాలోంచే పోతాయి. బాకీల జాబితాలో అందరికంటే ముందుండాల్సినవాళ్లు వాళ్లే. `inv_fy` అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. యాసంగి బిల్లు జనవరిలో ఉంటుంది, డబ్బు మే నెలలో వస్తుంది. మధ్యలో ఏప్రిల్ 1 దాటుతుంది. వసూలు టేబుల్‌లో డబ్బొచ్చిన ఏడాది రాస్తే పాత బిల్లు అలాగే బాకీగా నిలిచిపోయి, కొత్త ఏటి 214వ బిల్లుకు ఎవరో కట్టినట్టు పడుతుంది. బిల్లు ఏడాదినే రాయాలి.

ఇంకా బిల్లు నంబరే లేని వసూళ్లుంటాయి. రైతు ఒకేసారి 50,000 తెచ్చి ‘ఖాతాలో జమేసుకోండి’ అని వెళ్లిపోతాడు. పై ప్రశ్నలో ఆ డబ్బు ఎక్కడా కనిపించదు. కొన్ని దుకాణాలు పాత బిల్లుతో మొదలుపెట్టి వరుసగా తెంపుతాయి, కొన్ని ముందుగా వడ్డీకి జమ చేస్తాయి. ఏ పద్ధతి, ఎప్పటి నుంచి అన్నది యజమాని సమక్షంలో రాయించుకోవాలి. ఎందుకంటే ఆలస్యపు వడ్డీ జీఎస్టీలో సరుకు విలువలో భాగమే. వడ్డీగా ఎంత తీసుకున్నారో దాని మీద, అది చేతికొచ్చినప్పుడు, సరుకు రేటుతోనే పన్ను కట్టాలి. జమ చేసే పద్ధతి మారితే పన్ను కూడా మారుతుంది.

ముట్టుకోకూడనివి

పీటర్ నౌర్ మాటకు ఇక్కడ బలముంది. ప్రతి బిల్లింగ్ మనిషికీ తన చేతి సర్దుబాట్లుంటాయి. నెలాఖరున పొత్తు కుదరక ఒక మైనస్ వరుస వేసి ఉంటాడు. రెండుసార్లు ఎక్కిన బిల్లును తీసేయడానికి బదులు విలువ సున్నా చేసి ఉంటాడు, వరుస నంబరులో ఖాళీ రాకూడదని. రిటర్ను వేసేసిన నెలలోని తప్పును అక్కడే దిద్దకుండా తర్వాతి నెలలో సవరించి ఉంటాడు. బయటి నుంచి చూస్తే ఇవన్నీ చెత్త. శుభ్రం చేస్తే మాత్రం వేసిన రిటర్నుకూ టేబుల్‌కూ లంకె తెగుతుంది.

అందుకని సర్దుబాట్ల జాబితాలో ప్రతి దానికీ బిల్లు నంబరు, వేసిన తేదీ, దేన్ని సరిచేయడానికి వేశారో, దాని జోడీ వరుస ఎక్కడుందో రాయాలి. కారణం గుర్తులేకపోతే ‘గుర్తులేదు’ అని రాయడం, ఊహించి రాయడం కన్నా చాలా మేలు. రిటర్ను వేసిన ఆఖరి నెల ఏదో కూడా చెప్పాలి. దాని వెనకటి వరుసలను టేబుల్‌లో దిద్దకూడదు, క్రెడిట్ నోట్‌తోనో సవరణతోనో మాత్రమే మార్చాలి.

ఒక అలవాటును మాత్రం నేను ఒప్పుకోను. సర్దుబాట్లన్నీ ‘ఇతరములు’ అన్న ఒకే కోడ్ కింద వేసి, నోట్‌లో ‘ఇతరములు చూడండి’ అని రాయడం. రౌండాఫ్, వాపసు, తప్పు బిల్లు, యజమాని మాటమీద ఇచ్చిన తగ్గింపు ఒకే కోడ్‌లో పడితే వాటిని మళ్లీ విడదీయగల మనిషి వెళ్లిపోయేవాడొక్కడే. చివరి వారంలో అతని చేత చేయించుకోవాల్సిన పని కొత్త రిపోర్టులు కాదు, ఈ విడదీతే.

నోట్ సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. పాత మనిషి పక్కన కూర్చుని నోరు మెదపకుండా, కొత్తవాడు నోట్ మాత్రమే చూసి ఒక నెల లెక్క మూయాలి. వేసేసిన రిటర్ను సంఖ్య రావాలి. ఎక్కడ ఆగితే అక్కడ నోట్‌లో ఒక వాక్యం తక్కువైనట్టు. దీనికి వానాకాలపు రద్దీ ఉండే జూన్, జులైలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, వీలైతే 2025 సెప్టెంబరును కూడా. ఆ ఒక్క నెలలో 21వ తేదీ దాకా ఒక రేటు, 22 నుంచి ఇంకో రేటు ఉంటాయి. బిల్లులు తక్కువుండే ఫిబ్రవరి తీసుకుంటే ఎంత నాసిరకం నోట్ అయినా గట్టెక్కుతుంది.